ముందు ఫోన్ చెయ్యి, తర్వాత ఉత్తరం

చిట్టితల్లీ,

మీ అమ్మ ఇప్పుడే చెప్పింది. నువ్వు అనువదించిన పిల్లల పారాసిటమాల్ సిరప్ కరపత్రంలో డోసు 2.5 మి.లీ. కాస్తా 25 మి.లీ. అయిపోయిందట, ఎవరూ అడగకముందే నువ్వే క్లయింటుకి చెప్పేస్తానన్నావట. గుండె గుభేలుమంది, నిన్ను చూస్తే గర్వంగానూ ఉంది. కానీ పొద్దున్నుంచీ ఆ ఉత్తరం దిద్దుతూ కూర్చున్నావని తెలిసి కోపమొచ్చింది. ముందు ఏజెన్సీలో ప్రాజెక్ట్ మేనేజర్‌కి ఫోన్ చేసి, ప్రింటింగ్ ఆపమను. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే సిరప్ అయితే, 60 మి.గ్రా. పడాల్సిన పసిబిడ్డకి 600 పడుతుంది. రోజుకి రెండు మూడుసార్లు అలా పోస్తే లివర్ దెబ్బతినే ప్రమాదం ఉంది. నాకు వేరే ఏదీ తోచడం లేదు, ఆ బిడ్డే కళ్ల ముందు కదులుతోంది.

నాతో పనిచేసిన ఒకావిడకి ఇలాంటిదే జరిగింది. చాలా మంచి మనిషి, మంచి అనువాదకురాలు. క్షమాపణ ఉత్తరం రెండు పేజీలు రాసింది. మొదట అత్తగారి ఆపరేషన్ సంగతి, తర్వాత ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇలా జరగలేదన్న మాట, ఆ తర్వాత బోలెడన్ని క్షమాపణలు. డోసు తప్పు పడిందన్న వాక్యం రెండో పేజీలో ఎక్కడో ఉంది. సబ్జెక్టులో "చిన్న మనవి" అని పెట్టింది. అవతలివాళ్లు పైపైన చూసి "పర్లేదండీ, ఆరోగ్యం జాగ్రత్త" అని జవాబిచ్చారు. ఫైలు ప్రెస్సుకి వెళ్లిపోయింది. కరపత్రాలు డబ్బాల్లోకి ఎక్కేముందు ఇంకెవరో పట్టుకోబట్టి సరిపోయింది. ఆవిడ దాచలేదమ్మా, సిగ్గు కొద్దీ నిజాన్ని అడుగున పెట్టింది. నీకూ ఆ మొహమాటం ఉంది, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాగా.

అందుకే నీ సబ్జెక్టులో "అత్యవసరం: డోసు తప్పు, ప్రింటింగ్ ఆపండి" అని ఉండాలి. మొదటి వాక్యంలోనే ఏ పేజీ, ఏ పేరా, మూలంలో ఎంత, నువ్విచ్చినదాంట్లో ఎంత, సరైనదెంత అన్నది చెప్పు. క్షమాపణ ఆ తర్వాత ఒక్క వాక్యం చాలు, మనసుపెట్టి రాయి. కారణం అడిగితే చెప్పు, అడగకపోతే వద్దు. మందుల కంపెనీకి మాత్రం నేరుగా రాయకు, అగ్రిమెంట్ ఒకసారి చూసుకో. డబ్బు సంగతి ఈ ఉత్తరంలో ఎత్తకు.

సరిచేసిన ఫైలు జతచేసేముందు మిగతా అంకెలన్నీ మూలంతో పోల్చు. సాఫ్ట్‌వేర్‌లో అంకెల తనిఖీ కూడా నడుపు. మరో మాట, ట్రాన్స్‌లేషన్ మెమరీలో ఆ వాక్యం ఇంకా తప్పుగానే ఉంటుంది. దాన్ని దిద్దకపోతే రేపు ఇంకో కరపత్రంలో 25 మి.లీ. దానంతటదే వచ్చి కూర్చుంటుంది. మెమరీ కాపీ ఏజెన్సీ దగ్గరా ఉంటుంది కాబట్టి, దాన్నీ మార్చమని ఉత్తరంలోనే రాయి.

ఫోన్ చేశాక నాకో మెసేజ్ పెట్టు, ప్రింటింగ్ ఆగిందో లేదో తెలిసేదాకా నాకు నిద్ర పట్టదు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదటగా, ముందు కాస్త పెరుగన్నమన్నా తిను.

మీ పెద్దమ్మ