6x4 అంటే ఆరు చక్రాలేనా?

"సెకండ్ హ్యాండ్ టిప్పర్ చూశాను. పేపర్లలో 6x4 అని ఉంది, బండికి పది టైర్లున్నాయి. మోసమా?"

మోసం కాదు అన్నా. ఈ లెక్కలో జంట టైర్లను ఒక్క చక్రంగానే పట్టుకుంటారు. ముందు రెండు, వెనక రెండు యాక్సిల్స్‌కి నాలుగు, మొత్తం ఆరు. రెండో అంకె ఇంజిన్ తిప్పే చక్రాలది. అంటే మీ బండిలో వెనక నాలుగూ తిరుగుతాయి.

6x2కి కూడా పది టైర్లే ఉండొచ్చు, కాబట్టి టైర్లు చూసి నమ్మొద్దు. బండి కిందకి వంగి చూడండి. వెనక యాక్సిల్స్ రెండింటిలో ఒక్కోదానికీ నడిమధ్యన గుండ్రటి డిఫరెన్షియల్ ఉబ్బు ఉండి, మొదటిదాని నుంచి రెండోదానికి షాఫ్ట్ వెళ్తుంటే 6x4. ఒక్కదానికే ఉంటే 6x2. అది తారు రోడ్డుకి చాలు, బరువూ తక్కువ. క్వారీ బురదలో మాత్రం తిరిగే యాక్సిల్ మీద బరువు చాలక చక్రాలు జారతాయి.