ఒకే మాటకు రెండు విలువలా?

సందేహం: పక్కపక్కనే ఉన్న రెండు ఒకేలాంటి ఏంటెనాల గురించి ఒక పాఠం అనువదిస్తున్నాను. “ఏంటెనాల దశాభేదం 90 డిగ్రీలు” అని రాసి, కింది వాక్యంలోనే “పడమట దశాభేదం 180 డిగ్రీలు కాబట్టి తరంగాలు నశిస్తాయి” అన్నాను. ఒకే మాటకు రెండు విలువలేమిటని సంపాదకుడు అడిగారు. ఒకచోట వేరే మాట వాడాలా?

సమాధానం: మాట మార్చనక్కర్లేదు. దశాభేదం అంటే ఒక కంపనం మరోదానికంటే ఎంత వెనకబడిందో చెప్పే కొలత. అది ఎక్కడిదో చెప్పకపోవడమే చిక్కు. మొదటిది ఏంటెనాలకు అందించే కరెంట్లది, రెండోది రిసీవరు దగ్గరకు చేరిన తరంగాలది. రెండోదాంట్లో ఏంటెనాల ఎడం కూడా కలుస్తుంది.

1000 కిలోహెర్ట్జ్ ప్రసారం తీసుకోండి. తరంగదైర్ఘ్యం 300 మీటర్లు. ఏంటెనాలు తూర్పు పడమరలుగా 75 మీటర్ల ఎడంలో, అంటే పావు తరంగదైర్ఘ్యం దూరంలో ఉన్నాయి. తూర్పు ఏంటెనా కరెంటు 90 డిగ్రీలు వెనకబడి ఉంది. పడమటి ఏంటెనా నుంచి తూర్పుకు బయల్దేరిన తరంగం 75 మీటర్లు దాటేసరికి అదీ 90 డిగ్రీలు వెనకబడుతుంది. కాబట్టి అక్కడ రెండూ ఒకే దశలో కలిసి సాగుతాయి. పడమరకు వెళ్లే తూర్పు ఏంటెనా తరంగం మాత్రం బయల్దేరడంలో 90, దారిలో మరో 90 వెనకబడుతుంది. మీ 180 అలా వచ్చింది. ఉత్తర దక్షిణాల్లో దారులు సమానం గనుక 90 అలాగే ఉంటుంది.

దారిలోని తేడాకు “పథభేదం” ఉంది, కానీ అది మీటర్లలో కొలిచేది. 180 డిగ్రీల పక్కన ఆ మాట పెడితే తప్పు. “కరెంట్ల దశాభేదం”, “పడమటి దిశలో తరంగాల దశాభేదం” అని విడదీసి రాయండి, చాలు.

నాకు అసలు అభ్యంతరం “నశిస్తాయి” మీద. ఒక్క ఏంటెనా అదే కరెంటుతో పంపే శక్తిని 1 అనుకుంటే, ఇక్కడ తూర్పున 4, పడమట 0, ఉత్తర దక్షిణాల్లో 2 చొప్పున వస్తుంది. అన్ని దిశల సగటు 2. రెండు ఏంటెనాలకు ఇచ్చింది కూడా అంతే! పడమట తగ్గింది తూర్పున చేరింది. సంస్కృత ధాతుపాఠంలో నశ ధాతువుకు చెప్పిన అర్థం “అదర్శనం”, కనబడకపోవడం. ఆ లెక్కన, తరంగాలు కలిసి ఒకదాన్నొకటి తగ్గించుకోవడానికి వాడే “వినాశక వ్యతికరణం” పారిభాషిక పదంగా నిలుస్తుంది. తెలుగు క్రియ “నశించు”కు మాత్రం బొత్తిగా లేకుండా పోవడమనే అర్థం స్థిరపడింది. “ఆ దిశలో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి” అనండి. “ఆ దిశలో” అన్నది వదలకండి. కరెంట్లు సమానం కాకపోతే ఆ రద్దు కూడా పూర్తిగా జరగదు. ఒకటి పదో వంతు తగ్గితే, పడమట క్షేత్రబలంలో ఒక్క ఏంటెనా ఇచ్చేదాంట్లో పదో వంతు మిగులుతుంది. అలాంటి చోట “క్షీణిస్తాయి” అనే రాయాలి.