చిన్న ఇల్లు పిల్లలకు వాటా ఉంటుందా?

"మా నాన్నగారికి ఇంకో ఆవిడ ద్వారా కొడుకు ఉన్నాడు. ఇప్పుడు ఆస్తిలో వాటా అడుగుతున్నాడు. చట్టప్రకారం వస్తుందా? మతాన్ని బట్టి మారుతుందా?"

హిందువులైతే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మీ నాన్నగారు ఆవిడ మెడలో తాళి కట్టారా, లేదా? మా ఇంట్లో కథంతా దాని మీదే నడిచింది; మా నాన్నకూ ఇంకో ఆవిడ ద్వారా ఒక కొడుకున్నాడు, నాకు తమ్ముడు.

మా నాన్న పెద్దకర్మ అయ్యాక గాజువాక ఇంట్లో అందరూ కూర్చున్నారు. "మొదటి భార్య ఉండగా చేసుకుంది పెళ్లే కాదు, వాడికి చిల్లిగవ్వ రాదు" అని బాబాయి తేల్చేశాడు. మన పెద్దమనుషులకు చట్టం ఎప్పుడూ నోటికొచ్చినట్టే ఉంటుంది. ఆ తమ్ముడు మారు మాట్లాడకుండా ఒక ఆల్బమ్ తీసి బల్ల మీద పెట్టాడు. సింహాచలం కొండ మీద హోమం, తలంబ్రాలు, పక్కన పంతులుగారు. నాన్న చేతికి మా అమ్మ కొనిచ్చిన వాచీ. అమ్మ ఆ ఫోటో చూసి లోపలికెళ్లిపోయింది.

బాబాయి చెప్పింది సగమే నిజం. ఆ పెళ్లి చెల్లదు, కాబట్టి ఆవిడకు భార్యగా వాటా రాదు. కానీ హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ ప్రకారం చెల్లని పెళ్లికి పుట్టిన బిడ్డ కూడా సక్రమ సంతానమే. హక్కు మాత్రం తల్లిదండ్రుల ఆస్తి వరకే, తాతదీ బాబాయిదీ అడగడానికి లేదు.

మా లెక్క చెప్తాను. గాజువాక ఇల్లు నాన్న స్వార్జితం, వీలునామా లేదు. అమ్మ, నేను, చెల్లి, తమ్ముడు తలా పావు వంతు. ఊళ్లో పిత్రార్జితం మూడెకరాల దగ్గరే పేచీ వచ్చింది. తమ్ముడికి అందులో పుట్టుకతో హక్కు లేదు. నాన్న పోయే ముందు క్షణంలో పంపకం జరిగినట్టు లెక్క వేస్తారు: నాన్నకు, నాకు, చెల్లికి తలా ఎకరం. నాన్న ఎకరాన్ని మళ్లీ నలుగురికి పంచితే తమ్ముడికి పాతిక సెంట్లు. 2023లో రేవణసిద్దప్ప కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఈ పద్ధతే.

అసలు పెళ్లి తంతే జరక్కపోతే కథ వేరు. అప్పుడు బిడ్డ తల్లికి వారసుడవుతాడు, తండ్రికి కాడు. ఏళ్ల తరబడి భార్యాభర్తల్లా కాపురం చేశారని రుజువైతే కోర్టు పెళ్లి జరిగినట్టే భావించవచ్చు. కానీ ఇంట్లో మొదటి భార్య ఉంటే ఆ వాదన నిలబడటం కష్టం. అలాంటి పిల్లాడికి ఏదైనా ఇవ్వాలనుకుంటే తండ్రి బతికుండగానే వీలునామా రాయాలి. చాలామంది మగాళ్లు ఆ కాగితానికే బద్ధకిస్తారు, కాపురం పెట్టడానికి లేని బద్ధకం!

ముస్లింలలో రెండో నిఖా చెల్లుతుంది కాబట్టి ఆ పిల్లలకు లోటు ఉండదు. నిఖా లేకుండా పుడితే సున్నీల్లోని హనఫీలలో తల్లి ఆస్తి మాత్రమే వస్తుంది, షియాలలో అదీ రాదు.

ఇంకో మాట. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో తమ్ముడి పేరు వేయలేదని మా బాబాయి తెగ సంబరపడ్డాడు. ఆ కాగితం వారసత్వాన్ని తేల్చదు. తమ్ముడు పార్టిషన్ దావా వేస్తే అక్కడ చూసేది ఆల్బమ్‌నీ, పంతులుగారి సాక్ష్యాన్నీ, బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరునీ. మేం దావా దాకా పోనివ్వలేదు, పాతిక సెంట్లు రాసిచ్చేశాం. బాబాయి ఇప్పటికీ మాతో మాట్లాడడు.