వెనక గదికి రెండో రౌటర్ పెడితే హాల్లో ప్రింటర్ మాయమైంది

ప్రశ్న: "బెంగళూరులో ఫైబర్ నెట్ పెట్టించుకున్నాం. హాల్లో కంపెనీ వాళ్లు బిగించిన తెల్ల డబ్బా ఒకటుంది. వెనక బెడ్‌రూంలో సిగ్నల్ అందట్లేదు. షాపతను రౌటర్ కొనమంటాడు, పక్క ఫ్లాటాయన యాక్సెస్ పాయింట్ పెట్టుకోమంటాడు, ఆఫీసులో ఒకరు మోడెమే మార్చమన్నారు. ఈ మూడూ వేరువేరా? నేనేది కొనాలి?"

మేం ఉండేది మారతహళ్లిలో, మీలాగే హాల్లో డబ్బా, వెనక గదిలో నా ఆఫీసు టేబులు. ఈ మూడింటికీ తేడా నాకు పుస్తకం చదివి తెలియలేదు, రెండుసార్లు తప్పు చేసి తెలిసింది. ఆ తప్పులే చెప్తాను.

ముందు మోడెం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ సమస్యకీ దానికీ సంబంధం లేదు. బయట నుంచి వచ్చే తీగ మీద ఒక రకం సంకేతం నడుస్తుంది, ఇంట్లో వస్తువులకు అర్థమయ్యేది ఇంకో రకం. ఒకదాన్ని ఇంకోదానిగా మార్చేదే మోడెం. టెలిఫోన్ తీగ మీద నెట్ వచ్చిన రోజుల్లో అది విడిగా ఉండేది. ఫైబర్‌లో ఆ పని చేసేదాన్ని ఓఎన్‌టీ అంటారు, వెలుగును మామూలు నెట్‌వర్క్ సంకేతంగా మారుస్తుంది. మీ తెల్ల డబ్బా కింద ఆకుపచ్చ మూతి ఉన్న సన్నటి వైరు దూరి ఉంటుంది చూడండి, దాని వెనకున్నదే ఆ భాగం. ఆ వైరులో వెలుగు దాకా రాకపోతే డబ్బా మీద `LOS` అని రాసినచోట ఎర్ర లైటు వెలుగుతుంది. అప్పుడు ఇంట్లో ఏ గదిలోనూ నెట్ ఉండదు. మన ఊళ్లో ఫైబర్ తీగలు చెట్ల మీద నుంచి వేలాడుతుంటాయి కాబట్టి కొమ్మలు కొట్టిన మర్నాడు ఈ ఎర్ర లైటు మామూలే. హాల్లో నెట్ బాగుండి వెనక గదిలో మాత్రం రావట్లేదంటే మోడెం జోలికి వెళ్లక్కర్లేదు.

అదే డబ్బాలో రౌటర్ కూడా ఉంది, వైఫై వెదజల్లే యాక్సెస్ పాయింట్ కూడా ఉంది. మూడు పనులూ ఒకే ప్లాస్టిక్ పెట్టెలో కూర్చోవడం వల్లే ఇంత గందరగోళం.

రౌటర్‌ని మన అపార్ట్‌మెంటు గేటు దగ్గర రిజిస్టర్ పట్టుకుని కూర్చునే సెక్యూరిటీ అతననుకోండి. బయటి ప్రపంచానికి తెలిసింది అపార్ట్‌మెంటు చిరునామా ఒక్కటే. లోపలి ఫ్లాట్ నంబర్లు ఇచ్చేది ఇతనే. మీ ఫోనుకి 192.168.1.14, టీవీకి 192.168.1.15 అని పంచడాన్ని డీహెచ్‌సీపీ అంటారు. మీ ఫోను బయటికి ఏదైనా అడిగితే ఎవరు అడిగారో రిజిస్టర్లో రాసుకుని, జవాబు రాగానే ఆ ఫ్లాటుకే పంపుతాడు. అది నాట్. ఎవరూ అడక్కుండా బయట నుంచి వచ్చినదాన్ని గేటు దగ్గరే ఆపేస్తాడు.

యాక్సెస్ పాయింటుకి రిజిస్టర్ లేదు, నంబర్లు ఇవ్వదు, ఎవర్నీ ఆపదు. గాల్లో వచ్చినదాన్ని తీగలోకి, తీగలో వచ్చినదాన్ని గాల్లోకి దించుతుంది, అంతే. మీ వెనక గదికి కావలసింది ఈ పని ఒక్కటే.

నాకిది తెలియక ఎస్పీ రోడ్డుకి వెళ్లి ఒక రౌటర్, 20 మీటర్ల క్యాట్ 6 కేబుల్ తెచ్చుకున్నాను. గోడ మూలంబడి కేబుల్ లాగి, ఒక కొస హాల్లో డబ్బాకి, ఇంకో కొస కొత్త రౌటర్ మీద బయటి నెట్ కోసం `WAN` అని రాసున్న నీలం రంధ్రంలో పెట్టాను. సిగ్నల్ నిండుగా వచ్చింది. మూడు నెలలు హాయిగా గడిచిపోయింది కూడా.

ఒకరోజు వెనక గదిలోంచి ప్రింట్ ఇస్తే ప్రింటర్ కనిపించలేదు. అదే లాప్‌టాప్ హాల్లోకి తెస్తే కనిపిస్తోంది. ప్రింటర్ పాడైందేమోనని ఒక సాయంత్రమంతా దాన్ని ఊడదీసి బిగించాను. చివరికి వెనక గదిలో కూర్చుని, దారిలో తగిలే రౌటర్లని వరసగా చూపించే ఈ కమాండ్ కొడితే అసలు విషయం బయటపడింది:

```
C:\> tracert -d 8.8.8.8
  1     1 ms     1 ms     1 ms  192.168.0.1
  2     2 ms     1 ms     2 ms  192.168.1.1
```

మొదటి రెండు మెట్లూ 192.168తోనే మొదలయ్యాయి. అంటే మా ఇంట్లో ఇద్దరు సెక్యూరిటీ వాళ్లున్నారు, ఒకరి గేటు లోపల ఇంకొకరి గేటు. వెనక గది వస్తువులకు 192.168.0 నంబర్లు, హాల్లో వాటికి 192.168.1 నంబర్లు. లాప్‌టాప్ ప్రింటర్‌ని వెతికేటప్పుడు "ఇక్కడ ప్రింటర్ ఎవరైనా ఉన్నారా" అని తన నెట్‌వర్క్ అంతటికీ కేకేస్తుంది. ఆ కేక రౌటర్ దాటదు. విచిత్రమేంటంటే, ప్రింటర్ నంబరు తెలుసుకుని నేరుగా `ping` కొడితే వెనక గది నుంచి పలికింది, ఎందుకంటే లోపలి గేటు నుంచి బయటికి పోవడానికి అడ్డు లేదు. హాల్లోంచి వెనక గది లాప్‌టాప్‌కి మాత్రం ఆ దారి కూడా లేదు. దీన్ని డబుల్ నాట్ అంటారు. యూట్యూబ్, ఆఫీసు కాల్స్ వంటివి దీంతో బాగానే నడుస్తాయి, అందుకే మూడు నెలలు నాకు తెలియలేదు.

(మీరు ఈ కమాండ్ కొట్టినప్పుడు మీ ఇంటి రౌటర్ తర్వాత 10తోనో, 100.64 నుంచి 100.127 మధ్య దేనితోనో మొదలయ్యే నంబరు కనిపిస్తే కంగారుపడకండి. అది నెట్ కంపెనీ వాళ్ల లోపలి నెట్‌వర్క్. మీ చేతిలో ఉన్నది కాదు.)

ఇక రెండో తప్పు. విషయం సగం అర్థం చేసుకుని, మర్నాడు పొద్దున్నే కేబుల్‌ని నీలం రంధ్రంలోంచి తీసి పక్కనే ఇంట్లో వస్తువుల కోసం ఉన్న `LAN` రంధ్రంలో పెట్టేశాను. ప్రింటర్ కనిపించింది. పది గంటలకి మా ఆవిడ లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది.

"ఏమండీ, నెట్ పోయింది. మీటింగ్ మొదలైపోతోంది."

నెల్లూరు నుంచి వచ్చిన మా మామగారు సోఫాలోంచి, "నా ఫోన్లో బాగానే వస్తోందే బాబూ" అన్నారు.

ఇద్దరూ ఉన్నది ఒకే హాల్లో, ఒకే వైఫై మీద. తన లాప్‌టాప్‌లో `ipconfig` కొట్టి చూస్తే `Default Gateway` దగ్గర 192.168.0.1 అని ఉంది. అంటే దానికి నంబరు ఇచ్చింది వెనక గదిలో పెట్టె. LAN రంధ్రంలో తగిలించాక రెండు పెట్టెలూ ఒకే తీగ మీదకి వచ్చాయి, రెండూ నంబర్లు పంచుతున్నాయి. ఏది ముందు పలికితే దాని నంబరు అంటుకుంటుంది. వెనక పెట్టె "బయటికి పోవాలంటే నా దగ్గరికి రండి" అంటుంది, కానీ దాని WAN ఖాళీ, బయటికి దారే లేదు. మామగారి ఫోనుకి అదృష్టవశాత్తూ పాత డబ్బా నంబరు దొరికింది. ఒక ఇంట్లో కొన్నింటికి నెట్ వచ్చి కొన్నింటికి రాకపోతే, ఆపేసి పెడితే అటూ ఇటూ మారుతుంటే, ముందు ఇదే అనుమానించండి.

సరిచేసే పద్ధతి ఇది, వరస ముఖ్యం. కొత్త రౌటర్‌ని హాల్లో డబ్బాతో కలపకుండా, ముందు లాప్‌టాప్‌ని కేబుల్‌తో దాని LAN రంధ్రానికి తగిలించండి. బ్రౌజర్లో దాని పేజీ తెరిచి వైఫై పేరు, పాస్‌వర్డ్ హాల్లో ఉన్నవే పెట్టండి. తర్వాత దాని LAN చిరునామాని 192.168.1.2కి మార్చండి, హాల్లో డబ్బా 192.168.1.1 అయితే. మార్చగానే పేజీ పోతుంది, కొత్త నంబరుతో మళ్లీ తెరవాలి. ఇప్పుడు `DHCP Server` ఆపేయండి. ఆ తర్వాతే హాల్లోంచి వచ్చిన కేబుల్‌ని LAN రంధ్రంలో పెట్టండి, WAN ఖాళీగా వదిలేయండి. హాల్లో డబ్బా పంచే నంబర్లు 192.168.1.2 నుంచే మొదలవుతుంటే, దాని సెట్టింగుల్లోకి వెళ్లి 10 నుంచి మొదలయ్యేలా మార్చండి. లేకపోతే ఏదో ఒకరోజు మీ ఫోనుకీ వెనక పెట్టెకీ ఒకే నంబరు పడుతుంది.

కొత్తగా కొనేటట్టయితే ఇంత తంతు అక్కర్లేదు. సెట్టింగుల్లో `Access Point Mode` ఉన్న రౌటర్ అడగండి. అది నొక్కితే నాట్, డీహెచ్‌సీపీ వాటంతటవే ఆగిపోతాయి, చాలా మోడళ్లలో కేబుల్ ఏ రంధ్రంలో పెట్టినా ఫర్వాలేదు. కాబట్టి మీ షాపతనూ పక్క ఫ్లాటాయనా ఇద్దరూ ఒప్పే. పెట్టె రౌటర్‌దైనా ఫర్వాలేదు, చేయించే పని మాత్రం యాక్సెస్ పాయింటుది.

కొనేటప్పుడు అట్టపెట్టె మీద రంధ్రాల వేగం 10/100/1000 అని ఉందో లేదో చూడండి. చవక వాటిలో 10/100 మాత్రమే ఉంటుంది, మీ ప్లాన్ 200 అయినా వెనక గదిలో 94 దాటదు. నాకు పెట్టె మంచిదే దొరికినా 94 దగ్గరే ఆగింది. కేబుల్ నేరుగా లాప్‌టాప్‌కి పెట్టి చూస్తే `Link speed` 100 అని చూపించింది. కొసన ఎనిమిది తీగల్లో ఒకటి సరిగ్గా దిగలేదు, 100కి నాలుగు తీగలు చాలు కాబట్టి నెట్ నడుస్తూనే ఉంది. కొస కత్తిరించి మళ్లీ కొట్టించాక 1000కి వచ్చింది.

2.4 గిగాహెర్ట్జ్ చానెల్ హాల్లో 1 ఉంటే వెనక 6 గానీ 11 గానీ పెట్టండి, రెండూ ఒకదాని మాట మీద ఒకటి మాట్లాడకుండా. అద్దె ఇల్లు, కేబుల్ లాగనివ్వరు అంటే తీగ లేకుండా ఒకదానితో ఒకటి గాల్లోనే మాట్లాడుకునే పెట్టెల జత, అదే మెష్ సెట్, కొనుక్కోవచ్చు, కాకపోతే ఆ పెట్టెల మధ్య గాల్లో పోయేదానికి కొంత వేగం ఖర్చవుతుంది.

ఇంత చేసినా మా మామగారి పాత ఫోను హాల్లోంచి వెనక గదికి వచ్చాక కూడా హాల్లో సిగ్నల్‌నే పట్టుకుని వేలాడుతుంది. ఎప్పుడు వదలాలో నిర్ణయించేది ఫోనే, మన పెట్టెలు కావు. ఆయన వెనక గదిలోకి రాగానే వైఫై ఒకసారి ఆపి వేస్తారు, పక్కనున్న పెట్టెకి తగులుకుంటుంది.