వదిలేయండి అన్న మాట

పాపా,

బెంగళూరులో ఉద్యోగం వచ్చిందనీ, నెలాఖరుకు తాడిపత్రి ఆఫీసు మానేస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. మన ఇంట్లో అంత దూరం పోతున్న మొదటి ఆడపిల్లవి. సంతోషంగా ఉంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. రికార్డయిన కాల్స్ విని, ఒక్కో పార్టీ సంగతీ కొత్తగా వచ్చే అబ్బాయికి రాసివ్వాలంట కదా. వెళ్ళిపోయినవాళ్ళ మీదికి తప్పు తోయడం ఎంత సులువో నాకు తెలుసు.

పేరు, నంబరు, బాకీ, ఎన్ని రోజుల అరువు అన్నవి లెడ్జర్ చూసి రాసేయ్. కాల్స్ మాత్రం తేదీల వరుసలో మొదటినుంచీ విను. చివరిది విని ఊరుకోకు. నేను చేసిన పాపం అదే.

నేను బండల ఫ్యాక్టరీ మానేసేటప్పుడు చెన్నై పార్టీ ఒకాయన ఉండేవాడు. 3000 అడుగుల పాలిష్ బండల లోడు పంపితే 140 అడుగులు పగిలి దిగాయి. అడుగు 30 రూపాయల లెక్కన 4200. ఆయనవి తొమ్మిది కాల్స్ ఉన్నాయి. నాకు ఊరికి బస్సు టైమవుతోంది, ఆఖరిది ఒక్కటే విన్నాను. కొత్త లోడు రేటు మాట్లాడి చివర్లో, "ఆ డ్యామేజి సంగతి వదిలేయండి ఇంక" అన్నాడు. నేను "డ్యామేజి వదులుకున్నాడు, బాకీ పూర్తిగా వసూలు చేయాలి" అని రాసి వచ్చేశాను.

అంతకు రెండు కాల్స్ ముందు ఆయన ఏమన్నాడో తెలుసా? "ఆ 140 అడుగుల డబ్బు బిల్లులో వదిలేయండి, మిగతాది శుక్రవారం వేస్తా" అన్నాడు. "సరేలెండి" అన్నది నేనే! ఓనరుకు చెప్పడం మరిచిపోయాను. నా తర్వాత వచ్చినవాడు నా కాగితం చూసి 4200 గట్టిగా అడిగాడు. ఆయన మారుమాట్లాడకుండా కట్టేశాడు. మళ్ళీ ఒక్క లోడు కూడా తెప్పించుకోలేదు. రికార్డు తీసి విన్న ఓనరు నాకు ఫోన్ చేశాడు. ఆ పూట నాకు అన్నం దిగలేదు.

అందుకే నీ అర్థం రాయకు, వాళ్ళ మాట రాయి. ఇట్లా: "మార్చి 12 కాల్, నాలుగో నిమిషం. 140 అడుగుల డబ్బు బిల్లులో వదిలేయమన్నారు. నేను సరే అన్నాను. ఓనరుకు ఇంకా చెప్పలేదు." ఆ ఆఖరి ముక్క రాయడానికి సిగ్గుపడొద్దు. "చూద్దాంలే" అని నువ్వన్నవి కూడా రాయి. మనకది మాటవరస, అవతలివాడికి అది ఒప్పుకోలు. కూతురి పెళ్ళి, ఒంట్లో నలత లాంటి ఇంటి సంగతులు కాల్‌లో వచ్చినా కాగితం మీదికి రానీయకు. "డబ్బు వచ్చే నెల ఇస్తామన్నారు" అంటే చాలు.

ఫోన్ అప్పగించాక రీసెట్ చేస్తారు. ముందే రికార్డులు ఆఫీసు కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒకటి రెండు తెరిచి వినపడుతున్నాయో లేదో చూడు. నీ సొంత ఫోన్‌లోకి మాత్రం ఒక్కటీ తీసుకోకు.

ఒకే రోజు కూర్చుని అన్నీ వినకు, రోజుకు రెండు పార్టీలు చాలు. చిన్నప్పుడు చెవిపోటుతో రాత్రంతా నా భుజం మీద ఏడ్చినదానివి. ఇయర్‌ఫోన్ సౌండ్ తగ్గించుకో.

మీ పెదనాన్న