శ్లోకం వచ్చింది, కోపం పోలేదు

"గురువుగారూ, రేపు ఊరు వదిలి వెళ్తున్నాను. ‘న హి జ్ఞానేన సదృశం పవిత్రమిహ విద్యతే’ కంఠస్థమైంది. అయినా కోపం పోలేదే?"

చిరంజీవికి ఆశీస్సులు.

గీత నాలుగో అధ్యాయం, 38వ శ్లోకమది. ‘పవిత్రం’ అంటే పవిత్రమైనదని చదువుకున్నావు. చిక్కు అక్కడే ఉంది. ఇక్కడ దాని అర్థం శుద్ధి చేసేది. జ్ఞానంలా శుద్ధి చేసేది ఈ లోకంలో మరొకటి లేదని ఆ మాట. కర్మ చేసేటప్పుడు ఉంగరపు వేలికి తొడిగే దర్భ ముడినీ పవిత్రమనే అంటాం కదా!

మసక వెలుతురులో తాడును పామనుకున్నవాడి భయం ఎన్ని స్నానాలు చేసినా పోదు, దీపం తెస్తే పోతుంది. కానీ గుండెదడ కాసేపు ఉంటుంది. శ్లోకం రెండో పంక్తిలోని ‘కాలేన’ను నేను అలా అర్థం చేసుకున్నాను. యోగంలో పండినవాడు కాలక్రమంలో తనలోనే ఆ జ్ఞానాన్ని పొందుతాడని అక్కడి మాట.

నీ కోపం ఆ దడే అయితే నెలనెలకూ తగ్గుతుంది. తగ్గకపోతే దీపం ఇంకా వెలగలేదని అర్థం. అప్పుడు 34వ శ్లోకం చెప్పినట్టు మళ్ళీ వచ్చి అడుగు నాయనా.