బరువు ఆగిపోతే తిండి ఇంకా తగ్గించాలా?

ప్రశ్న: "మాది కావలి. వయసు 35, ఎత్తు 158 సెంటీమీటర్లు. రోజుకి 1300 కేలరీలు తింటూ ఐదు నెలల్లో 78 కిలోల నుంచి 68కి వచ్చాను. నెల నుంచి బరువు కదలట్లేదు, ఎప్పుడూ నీరసం. మెటబాలిజం పాడైపోయిందా? 1000కి దించనా?"

వెయ్యికి దించొద్దండి. పాడైపోయింది ఏమీ లేదు. మీ ఒళ్లు ఖర్చు తగ్గించుకుంది, అంతే. ఎంత తగ్గించుకుందో లెక్క వేసి చూద్దాం.

78 కిలోలప్పుడు, పెద్దగా వ్యాయామం లేకపోతే, మీ ఒంటికి రోజుకి సుమారు 2000 కేలరీలు ఖర్చయ్యేవి. అంటే మీరు 700 తక్కువ తిన్నట్టు. 68 కిలోల మనిషికి సహజంగానే 1860 చాలు. కానీ ఒళ్లు అక్కడితో ఆగదు. అమెరికాలో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో లీబెల్, రోజెన్‌బామ్, హిర్ష్ మనుషుల్ని ఆసుపత్రిలో ఉంచి, తిండి కొలిచి పెట్టి, 1995లో దీన్ని చూపించారు. పదో వంతు బరువు తగ్గినవాళ్లలో, తగ్గిన ఒంటికి ఉండాల్సిన ఖర్చు కంటే కూడా ఇంకో 10 నుంచి 15 శాతం తక్కువే ఖర్చవుతుంది. ఆ లెక్కన మీది ఇప్పుడు దాదాపు 1600. 700 ఉన్న తేడా 300 అయింది. 300తో నెలకి కిలో పైచిలుకే తగ్గుతుంది. నెలసరి ముందు పట్టే నీరో, రెండు రోజులు తిన్న ఊరగాయ ఉప్పో దాన్ని కనపడకుండా చేసేస్తాయి.

ఆ ఖర్చు ఎక్కడ తగ్గిందో నాకు నా ఒంట్లోనే తెలిసింది. నేను ఒంగోల్లో ఉంటాను, 94 నుంచి 82కి వచ్చాక ఇలాగే ఆగిపోయాను. "రోహిణి కార్తెలో ఫ్యాన్ తగ్గించమంటారేంటండీ" అని మా ఇంటావిడ అడిగేదాకా నాకు చలేస్తోందన్న ధ్యాసే లేదు. ఫోన్‌లో చూస్తే రోజూ తొమ్మిది వేలుండే అడుగులు ఐదు వేలకి పడిపోయి ఉన్నాయి. వాకింగ్ మానలేదు. మిగతా రోజంతా కూర్చునే ఉన్నాను. కొవ్వు తగ్గితే దాన్నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది. మెదడు దాన్ని కరువుగా లెక్కేసి, థైరాయిడ్ హార్మోన్‌లో టీ3ని తగ్గిస్తుంది, ఆకలి పెంచుతుంది, ఊరికే లేచి తిరగడం మనకి తెలియకుండానే మాన్పిస్తుంది. కండరాలు కూడా అదే నడకని తక్కువ కేలరీలతో నడిచేస్తాయి. ఇలాంటప్పుడు 1000కి దించితే నీరసం, చలి, ఆకలి ఇంకా పెరుగుతాయి, తిరగడం ఇంకా తగ్గుతుంది.

ముందు ఒక వారం నూనె కొలిచి పోయండి. పెద్ద చెంచా నూనెలో 120 కేలరీలుంటాయి, చేపల పులుసుకి చెంచాతో కొలిచి పోసేవాళ్లు మన వైపు ఎంతమంది? రెండు చెంచాలు లెక్క తప్పితే మీ 300 దాదాపు అక్కడే పోతుంది.

కొలత సరిగ్గానే ఉంటే, రెండు మూడు వారాలు బరువు తగ్గించే ప్రయత్నం ఆపి 1600 తినండి. మీ పళ్లెంలోకి అదనంగా రావాల్సింది 80, 90 గ్రాముల బియ్యంతో వండిన అన్నం, అంతే. మొదటి వారంలో బరువు కిలో దాకా పెరగొచ్చు. అది కండరాల్లో చేరే పిండి పదార్థం, దాన్ని అంటుకునే నీరు. కొవ్వు కాదు, భయపడి ఆపేయొద్దు. ఆస్ట్రేలియాలో 2017లో వచ్చిన మాటడార్ అధ్యయనంలో రెండు వారాలు తక్కువ, రెండు వారాలు సరిపడా తిన్న మగవాళ్లు, ఆపకుండా కడుపు మాడ్చుకున్నవాళ్ల కంటే ఎక్కువ కొవ్వు తగ్గారు. తర్వాతి అధ్యయనాలన్నీ అంత లాభం చూపించలేదు కాబట్టి, విరామం మెటబాలిజాన్ని మొదటికి తెస్తుందని నేను చెప్పను. చలి తగ్గి, కాళ్లు కదిలే ఓపిక వస్తుంది. నాకు అదే పనికొచ్చింది.

ఆ రోజుల్లోనే రెండు పనులు మొదలుపెట్టండి. అడుగులకి ఒక కనీస సంఖ్య పెట్టుకుని, సాయంత్రానికి తక్కువైతే మేడ మీదైనా నడవండి. వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తే వ్యాయామం చేయండి, మాంసకృత్తులు రోజుకి 90 గ్రాముల దాకా తినండి. తగ్గే బరువులో కండ పోకుండా ఆపేవి ఈ బరువులు, మాంసకృత్తులే. మనకి రొయ్యలు, చేపలు తేలిగ్గా దొరుకుతాయి, రొయ్యల్లో వంద గ్రాములకి సుమారు 20 గ్రాములు వస్తాయి. ఆ తర్వాత మళ్లీ 1300 దగ్గర మొదలుపెట్టండి, అంతకంటే కిందికి వద్దు. నెలకి కిలో తగ్గినా చాలు, వారం సగటు బరువునే లెక్కలోకి తీసుకోండి.

నెలసరి తప్పుతున్నా, జుట్టు గుప్పెళ్లుగా ఊడుతున్నా ఇవన్నీ పక్కనపెట్టి డాక్టర్ని కలవండి. టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. డైటింగ్ వల్ల టీ3 తగ్గినప్పుడు టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంటుంది. దానికి ఎవరో చెప్పారని థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టొద్దు, అది గుండె దడ తెస్తుంది, కండని కరిగిస్తుంది.